బిల్లు మీద ఒక్క వాక్యం

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్‌కు పడమటి వైపు మైదానాల్లో హునీన్ అనే ఊరుంది. జనాభా లక్షకు అటూఇటూ. మన లెక్కలో ఒక మోస్తరు మునిసిపాలిటీ. ఆ ఊళ్లో ఇళ్లూ స్థలాలూ ఉన్నవాళ్లకు రెండు నెలలకోసారి మునిసిపాలిటీ నుంచి బిల్లు వస్తుంది. వీధుల నిర్వహణ కోసం ఆస్తుల మీద వేసే పన్ను అది. గడువులోగా కట్టేవాళ్లు కడతారు, చాలామంది కట్టరు. 2011లో లూసియో కాస్ట్రో, కార్లోస్ స్కార్టసీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ మునిసిపాలిటీని ఒక చిన్న మార్పుకు ఒప్పించారు. బిల్లులో మిగతాదంతా ఎప్పటిలాగే ఉంటుంది. కొందరి బిల్లు మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించేలా ఒక అదనపు వాక్యం అచ్చువేస్తారు. ఎవరికి ఏ వాక్యమో అధికారులు ఎంచరు, లాటరీ తీసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సుమారు 23 వేల మంది పన్ను చెల్లింపుదారులు ఈ ప్రయోగం పరిధిలోకి వచ్చారు.

వాక్యాలు మూడు రకాలు. మొదటిది భయానికి సంబంధించినది. వెయ్యి పెసోల బకాయి కట్టకుండా ఉంచితే ఏడాది చివరికి 268 పెసోలు అదనంగా పడతాయనీ, మునిసిపాలిటీ చట్టపరమైన చర్య కూడా తీసుకోగలదనీ చెప్పింది. రెండోది ఇరుగుపొరుగును గుర్తుచేసేది. ఊళ్లో నూటికి ముప్పై మంది మాత్రమే ఈ పన్ను కట్టడం లేదని చెప్పి, మరి మీరో అని అడిగింది. మూడోది ఇచ్చిపుచ్చుకోవడానికి సంబంధించినది. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో ఈ పన్ను డబ్బుతో ఎన్ని వీధిదీపాలు పెట్టామో, ఎన్ని వీధులకు నీళ్లూ మురుగు కాలువలూ వేశామో లెక్క చెప్పింది. మిగిలినవాళ్లకు మామూలు బిల్లే వెళ్లింది.

వడ్డీ, చర్య గురించి చెప్పిన వాక్యం అందినవాళ్లలో, మామూలు బిల్లు అందినవాళ్లతో పోలిస్తే, గడువులోగా కట్టినవాళ్లు నూటికి దాదాపు అయిదుగురు ఎక్కువ. మిగతా రెండు వాక్యాలకు సగటున ఏ ప్రభావమూ కనిపించలేదు. వీధిదీపాల లెక్క చదివినవాళ్లు, ఏమీ చదవనివాళ్లు ఒకేలా కట్టారు.

అదనంగా కట్టిన ఆ అయిదుగురి కోసం మునిసిపాలిటీ పెట్టిన ఖర్చు దాదాపు ఏమీ లేదు. బిల్లు ఎలాగూ అచ్చవుతుంది, ఎలాగూ ఇంటికి వెళ్తుంది. జరిమానా పెంచలేదు, కొత్త సిబ్బందిని పెట్టలేదు. ముందు నుంచీ చట్టంలో ఉన్న వడ్డీనే, కట్టాల్సినవాడి కంటికి కనిపించేలా, వెయ్యి పెసోలకు ఇంత అనే అంకెలో చెప్పారు. ప్రవర్తనా ఆర్థికశాస్త్రంలో దీన్ని ‘నడ్జ్’ అంటారు. రిచర్డ్ థాలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో రాసిన పుస్తకంతో ఈ మాట లోకానికి తెలిసింది. ఏ దారినీ మూసేయకుండా, లాభనష్టాల లెక్కను చెప్పుకోదగ్గంత మార్చకుండా, మనిషి ఎంపికను ఒక వైపు మొగ్గేలా చేసే ఏర్పాటు అని వాళ్ల నిర్వచనం. దీని ప్రకారం, మన నగరాల్లో ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది ఆస్తి పన్ను మొత్తం కట్టినవాళ్లకిచ్చే 5 శాతం రాయితీ నడ్జ్ కాదు. అది ధరలో మార్పు. ఆ రాయితీ ఇంకా నాలుగు రోజులే ఉందనీ, మీ ఇంటికి అది ఇన్ని రూపాయలనీ ఏప్రిల్ 26న ఫోనుకు వచ్చే సందేశం మాత్రం నడ్జ్ అవుతుంది.

పన్నుల విషయంలో నడ్జ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది హునీన్ కాదు, బ్రిటన్. అక్కడ 2010లో ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ హయాంలో కేబినెట్ కార్యాలయంలో, డేవిడ్ హాల్పెర్న్ సారథ్యంలో ప్రవర్తనా శాస్త్ర బృందం ఒకటి ఏర్పడింది. మరుసటి ఏడాది రెవెన్యూ శాఖతో కలిసి, ఆదాయ పన్ను గడువు దాటినా కట్టని లక్ష మందికి పైగా జనానికి వెళ్లే ఉత్తరాల్లో వాక్యాలు మార్చి చూశారు. మామూలు ఉత్తరం అందినవాళ్లలో 23 రోజుల్లో మూడో వంతు మంది కట్టారు. పదిమందిలో తొమ్మిదిమంది సమయానికి పన్ను కడుతున్నారని ఒక్క ముక్క చేరిస్తే, కట్టేవాళ్లు నూటికి ఒకరికి పైగా పెరిగారు. అదే వాక్యంలో బ్రిటన్ పేరు చేరిస్తే సుమారు ఇద్దరు పెరిగారు. ఇంకా కట్టని అతి కొద్దిమందిలో ప్రస్తుతం మీరు ఒకరు అని కూడా రాస్తే అయిదుగురు పెరిగారు. పన్ను డబ్బు ఆసుపత్రులకూ రోడ్లకూ బడులకూ పోతుందని చెప్పిన ఉత్తరం కొంత పనిచేసింది కానీ, ఈ చివరిదానికి చాలా దూరంలో ఆగిపోయింది.

ఈ ఫలితం ప్రపంచమంతా పాకింది. ఇరుగుపొరుగు ఏం చేస్తున్నారో చెబితే చాలు, మనిషి దారికి వస్తాడన్న నమ్మకం ఎన్నో ప్రభుత్వాల్లో పాతుకుపోయింది. హునీన్‌లో అదే తరహా వాక్యం ఎందుకు చతికిలబడింది?

బ్రిటన్ ఉత్తరం అందుకున్నవాళ్లు ఎవరో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. వాళ్లు తమ ఆదాయాన్ని తామే ప్రకటించి, ఎంత పన్ను కట్టాలో ఒప్పుకున్నవాళ్లు. కట్టాల్సిన మొత్తం గురించి తగాదా లేదు. ఎప్పుడు కడతారన్నదే ప్రశ్న. పైగా నిజంగానే పదిమందిలో తొమ్మిదిమంది కడుతున్న దేశం అది, కట్టనివాడు నిజంగానే చిన్న గుంపులో ఉన్నాడు. హునీన్‌లో నూటికి ముప్పై మంది కట్టడం లేదన్న మాట విన్నవాళ్లలో రెండు రకాల జనం ఉండి ఉంటారు. ఊళ్లో ఎవరూ కట్టడం లేదనుకుని తానూ ఊరుకున్నవాడికి, డెబ్భై మంది కడుతున్నారన్నది మేలుకొలుపు. అందరూ బుద్ధిగా కడుతున్నారనుకుని తానూ కట్టేవాడికి, ముప్పై మంది ఎగ్గొడుతున్నా ఏమీ కావడం లేదన్నది వేరే రకం కబురు. ఒకడు ముందుకు, ఒకడు వెనక్కి జరిగితే సగటు కదలదు. పరిశోధకులు ఈ ఫలితాన్ని చదివిన తీరు ఇదే. సగటు సున్నా అయినంత మాత్రాన జనం చలించలేదని కాదు.

ఈ రెండో మనిషి గురించి మన అధికారులు ఎక్కువగా ఆలోచించాలని నా అభిప్రాయం. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో, రాయిగా మారిన ప్రాచీన వృక్షాల వనం ఉంది. సందర్శకులు ఆ రాతి ముక్కలను జేబులో వేసుకుని పోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీనీ బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. గతంలో చాలామంది సందర్శకులు ముక్కలు ఎత్తుకుపోయి వనాన్ని పాడుచేశారని వాపోయిన బోర్డు ఉన్నప్పుడు, గుర్తు పెట్టి వదిలిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. దయచేసి తీసుకుపోవద్దని మాత్రమే కోరిన బోర్డు ఉన్నప్పుడు పోయినవి 2 శాతం కూడా లేవు. మార్చి నెల వచ్చేసరికి మన మునిసిపాలిటీలు ఏం చేస్తాయో గుర్తుచేసుకోండి. ఆస్తి పన్ను బకాయిలు ఇన్ని కోట్లకు చేరాయని, ఇన్ని వేల ఇళ్లవాళ్లు పైసా కట్టలేదని పత్రికా ప్రకటనలు వస్తాయి. ఆ ప్రకటన ఉద్దేశం హెచ్చరిక. క్రమంగా కట్టే మనిషికి అందులో వినపడేది మాత్రం, కట్టనివాళ్లు ఇంతమంది ఉన్నారన్న సమాచారం. కట్టినవాళ్లు ఎక్కువమంది ఉన్న వార్డులో, ఎంతమంది కట్టారో చెప్పడం మేలు. కట్టినవాళ్లు తక్కువున్న చోట ఆ అంకె జోలికి పోకపోవడం మేలు. అంకెను సాగదీసి చెప్పడం మాత్రం ఎక్కడా కుదరదు. పక్కింటివాళ్లు కట్టారో లేదో ఆ వీధిలో అందరికీ తెలుసు కాబట్టి, ఒక్కసారి అబద్ధమని తేలితే తర్వాత వచ్చే నోటీసులో నిజం కూడా చెల్లదు.

ఇక హునీన్‌లో భయపెట్టిన వాక్యం పనిచేసింది కదా, అదే తెచ్చి మన నోటీసు మీద వేస్తే సరిపోదా? అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం ఆస్తి పన్ను మీద చేసిన ప్రయోగం కూడా అదే వైపు చూపింది. పౌర బాధ్యత గుర్తుచేసిన ఉత్తరాలు, పేటకు అందుతున్న సేవలను గుర్తుచేసిన ఉత్తరాలు గడువు గుర్తుచేసే మామూలు ఉత్తరం కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. కట్టకపోతే ఆస్తిని వేలం వేసే అధికారం నగరానికి ఉందని చెప్పిన ఉత్తరాలు పనిచేశాయి. వేర్వేరు దేశాల్లో జరిగిన ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కలు వేసినప్పుడు కూడా మొత్తం మీద బొమ్మ అలాగే వచ్చింది. నీతి చెప్పే ఉత్తరాల బలం సున్నాకు దగ్గరగా ఉంది. శిక్ష గుర్తుచేసే ఉత్తరాలకు ఒకటిన్నర నుంచి రెండున్నర శాతం బలం ఉంది.

అయితే ఆ బలం వాక్యంలో ఉండదు, వాక్యం వెనక ఉంటుంది. హైదరాబాద్ సంగతే చూద్దాం. అక్కడ గడువు దాటిన ఆస్తి పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. పదివేల రూపాయల బకాయి ఏడాది ఉంటే 2,400 రూపాయలు. హునీన్ బిల్లు మీద రాసిన దానికి ఇంచుమించు సమానమైన భారమే. నోటీసు మీద ఈ 2,400 అంకె వేస్తే ఎవరికైనా గుండె ఝల్లుమనాలి. కానీ 2020లో ప్రభుత్వం ఒకేసారి పరిష్కార పథకం తెచ్చింది. అసలు మొత్తం కట్టేస్తే పేరుకున్న వడ్డీలో 90 శాతం మాఫీ. 2022లో మళ్లీ అదే పథకం, 2024లో మళ్లీ, 2025లో మళ్లీ. బకాయిదారు వైపు నుంచి లెక్క వేయండి. 2,400లో 90 శాతం పోతే అతను కట్టేది 240 రూపాయలు. పదివేలు ఏడాదిపాటు వాడుకున్నందుకు 240 రూపాయలంటే ఏడాదికి 2.4 శాతం వడ్డీ. ఏ బ్యాంకూ ఆ రేటుకు అప్పు ఇవ్వదు. ఇది తెలిసిన మనిషి నోటీసు మీద 2,400 చదివి, తర్వాతి మాఫీ కోసం ఎదురుచూస్తాడు. అతను బద్ధకస్తుడు కాదు, మతిమరుపువాడూ కాదు, లెక్క తెలిసినవాడు. ఏప్రిల్‌లోనే కట్టేసిన పొరుగింటామెకు దక్కింది 5 శాతం రాయితీ. ఆమె ఈ పథకం గురించి చదివినప్పుడు ఏమనుకుంటుందో కూడా ఈ లెక్కలో భాగమే.

మాఫీ పథకాలు తప్పనిసరయ్యే పరిస్థితులుంటాయి. ఏళ్ల తరబడి పేరుకున్న వడ్డీ అసలును మించిపోయి, ఇక కట్టలేమని జనం చేతులెత్తేసినప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయాలి. నేను చెప్పేదల్లా, మాఫీ ఎన్నిసార్లు వస్తే నోటీసు మీది వడ్డీ వాక్యానికి అంత బలం తగ్గుతుందని. అందుకే హునీన్ ఫలితాన్ని నేరుగా ఎత్తుకొచ్చి వరంగల్‌లోనో తెనాలిలోనో వేసుకోలేం. మన ఊళ్లో ఏ వాక్యం పనిచేస్తుందో మన ఊళ్లోనే తేల్చుకోవాలి. తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. కానీ దాన్ని పాడుచేసే దారులు చాలా ఉన్నాయి.

ఒక ఊరిని ఊహించుకుందాం. సెప్టెంబరు నాటికి ఆ ఏడాది పన్ను కట్టని అసెస్‌మెంట్లు 24 వేలు. ఒక్కో ఇంటి పన్ను సగటున 2,500 రూపాయలు. గత అనుభవం ప్రకారం, డిమాండ్ నోటీసు వెళ్లాక ఆరు వారాల్లో నూటికి నలభై మంది కడతారు. కమిషనరు నాలుగు రకాల నోటీసులు పోల్చాలనుకున్నారు. మామూలు నోటీసు, ఆ ఇంటి వడ్డీని రూపాయల్లో చూపే నోటీసు, ఆ వార్డులో ఎంతమంది కట్టారో చెప్పే నోటీసు, మూడు వరసల్లో పని తేల్చేసేది. ఈ చివరిదాంట్లో అసెస్‌మెంట్ నంబరు, కట్టాల్సిన మొత్తం, ఫోనులో నేరుగా ఆ ఇంటి చెల్లింపు పేజీకే తీసుకెళ్లే క్యూఆర్ కోడ్, ఇంతే ఉంటాయి. దీనికి కారణం ఉంది. బ్రిటన్‌లో ఒక ఉత్తరం జనాన్ని, ఫారం ఎక్కడుందో వెతుక్కోవాల్సిన వెబ్ పేజీకి కాకుండా నేరుగా ఫారానికే పంపినప్పుడు స్పందన 19.2 శాతం నుంచి 23.4 శాతానికి పెరిగింది. ఒక్క మెట్టు తీసేసినందుకు వచ్చిన తేడా అది.

ఒక్కో రకానికి ఆరు వేల ఇళ్లు. ఇక్కడే మొదటి తప్పు జరిగే అవకాశం ఉంది. సులువుగా ఉంటుందని ఒకటి నుంచి ఏడు వార్డులకు ఒక నోటీసు, ఎనిమిది నుంచి పద్నాలుగుకు ఇంకొకటి అని పంచుతారు. ఏడో వార్డు బిల్ కలెక్టర్ చురుకైనవాడైతే, అతని కష్టం వాక్యం ఖాతాలో పడుతుంది. పద్నాలుగో వార్డులో సంతలో కూలి చేసుకునేవాళ్లు ఎక్కువుంటే, వాళ్ల ఇబ్బంది వాక్యం వైఫల్యంగా కనిపిస్తుంది. అందుకే ఊరంతటి జాబితాను కంప్యూటర్‌తో కలగాపులగం చేసి, ఇంటింటికీ విడిగా నోటీసు కేటాయించాలి. ఒకే యజమానికి నాలుగు ఇళ్లుంటే ఆ నాలుగింటికీ ఒకే రకం వెళ్లాలి. లేకపోతే ఆయన చేతిలో నాలుగు రకాల నోటీసులు పడతాయి.

రెండో తప్పు, నోటీసు అందనివాళ్లను లెక్క నుంచి తీసేయడం. తలుపు తాళం ఉందనో, చిరునామా మారిందనో కొన్ని నోటీసులు తిరిగొస్తాయి. అందినవాళ్లనే లెక్కపెడదామన్నది న్యాయంగానే తోస్తుంది. కానీ ఒక రకం నోటీసును బిల్ కలెక్టర్లు ఇష్టంగా పంచి, ఇంకొక రకాన్ని మొక్కుబడిగా పంచితే, అందినవాళ్లు రెండు గుంపుల్లో ఒకే తరహా మనుషులు కారు. ఆరు వేల మందికి కేటాయిస్తే ఆరు వేల మందినీ చివరిదాకా లెక్కలో ఉంచాలి. వచ్చే తేడా కాస్త చిన్నదిగా కనిపించినా, నిజమైన తేడా కనిపిస్తుంది.

ఆరు వారాల తర్వాత ఫలితాలు వచ్చాయనుకుందాం. మామూలు నోటీసుకు 40 శాతం, వడ్డీ నోటీసుకు 41 శాతం. వడ్డీ నోటీసు గెలిచిందా? ఆరు వేల మంది గుంపుల్లో, నోటీసులు అచ్చం ఒకటే అయినా, కేవలం కాకతాళీయంగా రెండు గుంపుల మధ్య ఒకటిన్నర శాతం వరకూ తేడా రావడం వింతేమీ కాదు. లెక్క వేస్తే, అనుమానం లేకుండా చెప్పాలంటే తేడా 1.75 శాతం దాటాలి. హునీన్‌లో వచ్చినట్టు అయిదు శాతం తేడా వస్తే స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక్కో గుంపులో సుమారు పదిహేను వందల మంది ఉన్నా చాలు. రెండు శాతం తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో గుంపుకు దాదాపు తొమ్మిదిన్నర వేల మంది కావాలి. కాబట్టి 24 వేల ఇళ్ల ఊరు నాలుగు రకాలను పోల్చబోతే చిన్న తేడాలన్నీ మసకబారిపోతాయి. నేనైతే ఆ కమిషనరుకు రెండు రకాలతో ఆగమని చెబుతాను.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చూద్దాం. అయిదు శాతం తేడా అంటే ఆరు వేల ఇళ్లలో మూడు వందల ఇళ్లు, ఏడున్నర లక్షల రూపాయలు. నోటీసు ఎలాగూ అచ్చయ్యేదే కాబట్టి అదనపు ఖర్చు ఒక్క వాక్యం సిరా. ఒక శాతమైతే లక్షన్నర. అది కూడా చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఫలితాన్ని రూపాయల్లో మాత్రమే కొలిస్తే ఇంకో చిక్కు వస్తుంది. ఒక గుంపులో రైస్ మిల్లు యజమాని ఒకాయన పాత బకాయి నలభై లక్షలు ఆ వారంలోనే కట్టేశాడనుకోండి, ఆ గుంపు నోటీసు అద్భుతమని తేలుతుంది. ముందు ఎంతమంది కట్టారో చూడాలి, తర్వాతే ఎంత కట్టారో.

గుర్తుచేయడానికీ, వాక్యానికీ మధ్య తేడా కూడా తేల్చుకోవాలి. పెరూ రాజధాని లిమాలో రెండు జిల్లాల ఆస్తి పన్ను మీద చేసిన ప్రయోగంలో, ఇరుగుపొరుగు ఎంతమంది కడుతున్నారో చెప్పిన ఉత్తరం బాగా పనిచేసింది. కానీ గడువు గుర్తుచేసిన ఉత్తి ఉత్తరం కూడా అందులో మంచి వాటా సాధించింది. అంటే కొంతమంది చదివి మారలేదు, చదివాక గుర్తొచ్చి కట్టారు. వాక్యం వేసిన నోటీసును, అసలు నోటీసే వెళ్లనివాళ్లతో పోల్చితే ఈ రెండూ కలిసిపోతాయి, వాక్యానికి లేని ఘనత దక్కుతుంది.

కొలిచే కాలం గురించి కూడా ఒక మాట. బ్రిటన్ అయిదు శాతం 23 రోజుల లెక్క. ఎప్పటికైనా కట్టేవాళ్లే కొంత ముందుగా కట్టారా, అసలు కట్టనివాళ్లు కట్టారా అన్నది ఆ అంకె చెప్పదు. ముందుగా రావడం కూడా ఖజానాకు లాభమే. అక్టోబరులో పారిశుధ్య కార్మికులకు జీతాలివ్వాల్సిన మునిసిపాలిటీకి, మార్చిలో వచ్చే డబ్బు అక్టోబరులోనే రావడం ఎంతో ఊరట. కానీ మొత్తం వసూలు పెరిగిందని చెప్పాలంటే అవే గుంపులను మార్చి 31 నాడు మళ్లీ లెక్కించాలి.

ఏ వాక్యానికీ లొంగని బకాయిలు ఉంటాయి. తండ్రి పోయాక అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలక, పేరు మార్పిడి జరగక, ఎవరి పేరున కట్టాలో తెలియని ఇల్లు. కొలతలు తప్పని అర్జీ పెట్టుకుని ఏళ్లుగా ఎదురుచూస్తున్న యజమాని. పింఛను తప్ప ఆదాయం లేని ఒంటరి వృద్ధురాలు. వీళ్లకు కావలసింది మొదటివారికి పేరు మార్పిడి, రెండోవారికి మళ్లీ కొలతలు, మూడోవారికి వాయిదాలు. నడ్జ్ మీద మోజు పెరిగిన చోట అధికారులు ఈ తేడా మరచిపోతారు. ఇక బకాయిదారు ఇంటి ముందు డప్పు కొట్టించడం, చెత్తడబ్బా తెచ్చిపెట్టడం లాంటి పనులు మన పట్టణాల్లోనూ జరిగాయి. అమెరికాలో మూడు రాష్ట్రాల్లో పన్ను బకాయిదారుల పేర్లు ఇరుగుపొరుగుకు తెలిసేలా చేసి, ఫలితం కొలిచారు. చిన్న బకాయిలున్నవాళ్లు కొందరు కదిలారు. పెద్ద బకాయిలున్నవాళ్లు కదల్లేదు. అంటే అవమానం తగిలేది ఎక్కువగా చిన్నవాళ్లకు. రాబట్టాల్సిన పెద్ద మొత్తాలు అలాగే ఉండిపోతాయి. ఇందుకే కాక, ఇంట్లో పిల్లలూ ముసలివాళ్లూ చూస్తుండగా వాకిట్లో డప్పు కొట్టించే హక్కు ఏ పన్ను చట్టమూ మునిసిపాలిటీకి ఇవ్వకూడదని నా దృఢమైన నమ్మకం.

ఈ రంగం తన గురించి తాను తేల్చుకున్న నిజం కూడా ఒకటుంది. స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ అమెరికాలో రెండు పెద్ద నడ్జ్ బృందాలు చేసిన 126 ప్రయోగాలను, వచ్చినవి వచ్చినట్టుగా, ఏదీ వదలకుండా తీసుకుని లెక్కించారు. రెండు కోట్లకు పైగా జనం వాటి పరిధిలో ఉన్నారు. పరిశోధనా పత్రికల్లో అచ్చయిన నడ్జ్‌ల సగటు ప్రభావం 8.7 శాతం అయితే, ఈ బృందాల సగటు 1.4 శాతం. తేడాకు ప్రధాన కారణం, పత్రికలకు చేరేవి బాగా పనిచేసిన ప్రయోగాలే కావడం. పనిచేయనివి సొరుగులో ఉండిపోతాయి. కమిషనరు ముందు ఎవరైనా పది శాతం, పదిహేను శాతం అని మాటిస్తే, ఈ 1.4ను గుర్తుంచుకుని ప్రశ్నించాలి. అలాగని 1.4 శాతాన్ని తోసిపుచ్చడమూ సరికాదు. ఖర్చు దాదాపు సున్నా అయినప్పుడు, ప్రతి ఏడాదీ వచ్చే నూటికి ఒకటిన్నర మంది ఒక ఊరికి విలువైనవాళ్లే.

అంత చిన్న లాభమైనా చేతికి రావాలంటే, ప్రయోగం ముగిశాక ఆ వాక్యం నోటీసులో ఉండిపోవాలి. ఇదే అన్నిటికంటే అరుదు. ఆ ఇద్దరు పరిశోధకులే ఇంకొకరితో కలిసి, అమెరికాలో 30 నగరాలు చేసిన 73 ప్రయోగాల తర్వాత ఏం జరిగిందో ఆరా తీశారు. పరీక్షించిన మార్పును తర్వాత వాడుకలో ఉంచుకున్నవి 27 శాతం మాత్రమే. బాగా పనిచేసిందా లేదా అన్నది ఇందులో పెద్దగా లెక్కకు రాలేదు. తేడా తెచ్చింది వేరే సంగతి. నగరం ఎప్పటి నుంచో పంపుతున్న ఉత్తరంలోనే మార్పు చేసి ఉంటే, మూడింట రెండు చోట్ల అది నిలిచిపోయింది. ప్రయోగం కోసం కొత్తగా ఒక ఉత్తరం పుట్టించి ఉంటే, నిలిచింది 12 శాతం చోట్లే. కొత్త ఉత్తరానికి తర్వాతి ఏడాది బడ్జెట్ ఉండదు, పంపే బాధ్యత ఎవరి మీదా ఉండదు, మొదలుపెట్టిన అధికారి బదిలీ అయిపోతాడు.

మన పట్టణాల్లో ఎప్పటి నుంచో వెళ్తున్న ఉత్తరం ఉంది. అర్ధ సంవత్సరానికోసారి వెళ్లే ఆస్తి పన్ను డిమాండ్ నోటీసు. దాని నమూనా చాలాచోట్ల ఊరి కార్యాలయంలో కాక, రాష్ట్ర స్థాయి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. కమిషనరు తన ఊళ్లో ప్రయోగం చేసి మంచి ఫలితం చూపినా, ఆ నమూనాలో ఒక వరస మార్చే అధికారం ఆయనకు లేకపోవచ్చు. అందుకే ప్రయోగం మొదలుపెట్టే ముందే పురపాలక డైరెక్టరేట్‌తో ఒక కాగితం రాసుకోవాలి. అందులో నాలుగు విషయాలుండాలి: ఏ రెండు వాక్యాలను పోలుస్తున్నాం, ఎన్ని రోజుల్లో ఎంత తేడా కనిపిస్తే నిజమని ఒప్పుకుంటాం, ఒప్పుకున్నాక వచ్చే అర్ధ సంవత్సరం నోటీసు నమూనాలో ఏ వరస మారుస్తాం, ఆ పని ఏ తేదీలోగా ఎవరు చేస్తారు.